పుస్తకంలో చేసి చూపించిన బ్రిడ్జ్ లెక్క: మధ్యలో కరెంట్ సున్నా అంటున్నారు, నాకు సున్నా రావడం లేదు

రెండో_బెంచి
నేను డిప్లొమా మొదటి ఏడాది, ఎలక్ట్రికల్. మా పుస్తకంలో పూర్తిగా చేసి చూపించిన లెక్క ఒకటి మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. బొమ్మ పెట్టడం కుదరలేదు, మాటల్లో చెప్తాను. పైన ఎ, కింద డి, ఎడమ పక్క బి, కుడి పక్క సి. ఎ నుంచి బి కి 10 ఓమ్‌లు, బి నుంచి డి కి 20. ఇటు ఎ నుంచి సి కి 40, సి నుంచి డి కి 20. బి, సి లను కలుపుతూ మధ్యలో ఇంకో 20. ఎ, డి ల మధ్య 9 వోల్టుల బ్యాటరీ, ప్లస్ పైన.

పుస్తకం ఏమంటుందంటే, 10 బై 20, 20 బై 40 సమానం కాబట్టి బ్రిడ్జ్ బ్యాలెన్స్ అయింది, మధ్య రెసిస్టర్‌లో కరెంట్ ఉండదు, దాన్ని తీసేయండి అని. అప్పుడు ఎడమ పక్క 30, కుడి పక్క 60, రెండూ ప్యారలల్‌లో 20 ఓమ్‌లు, బ్యాటరీ నుంచి 0.45 ఆంపియర్లు. అయిదు లైన్లలో అయిపోయింది.

నేను సమాధానం మూసేసి సొంతంగా చేశాను. డి ని సున్నా అనుకుని బి, సి ల దగ్గర నోడ్ సమీకరణాలు రాస్తే బి 5.5 వోల్టులు, సి 4 వోల్టులు వచ్చాయి. మధ్యలో 1.5 వోల్టులు, అంటే 0.075 ఆంపియర్లు. మొత్తం కరెంట్ 0.475. తప్పు నాదే అనుకుని ఆ కాగితం పక్కన పెట్టి మర్నాడు పొద్దున్న కొత్త కాగితం మీద మెష్ పద్ధతిలో చేశాను. మళ్ళీ అవే వచ్చాయి. క్లాసులో అడిగితే సార్ "బ్యాలెన్స్‌డ్ బ్రిడ్జ్ అమ్మా, అంత పొడుగు లెక్క ఎందుకు" అని ముందుకు వెళ్ళిపోయారు. వెనక నుంచి నవ్వులు. నేనెక్కడ తప్పు చేశానో ఎవరైనా చూపిస్తారా?

గోదారి_గట్టు
10 ఇంటూ 40 నాలుగు వందలు. 20 ఇంటూ 20 నాలుగు వందలు. లబ్ధాలు సమానమైతే బ్యాలెన్సే. ఇంటర్‌లో మాకు ఇదే చెప్పారు. పుస్తకం కరెక్ట్.

ఎలక్ట్రికల్_2వ_ఏడాది
ఆ పుస్తకం మాకూ ఉంది. ఆ లెక్క కిందటేడు యూనిట్ టెస్ట్‌లో వచ్చింది. అందరం 0.45 రాశాం, అందరికీ ఫుల్ మార్కులు.

పాత_లెక్చరర్
గోదారి_గట్టు గారూ, లబ్ధాల సూత్రం సరైనదే, కానీ మీరు ఏ రెండింటిని గుణించారో ఒకసారి వేలు పెట్టి చూడండి. 10 ఎ నుంచి బి కి వెళ్తోంది, 40 ఎ నుంచి సి కి వెళ్తోంది. రెండూ ఎ దగ్గర కలుస్తున్నాయి, అంటే పక్కపక్క భుజాలు. మీరు గుణించాల్సింది ఎదురెదురు భుజాలను. ఎ-బి కి ఎదురుగా ఉన్నది సి-డి. 10 ఇంటూ 20, రెండు వందలు. బి-డి కి ఎదురుగా ఎ-సి. 20 ఇంటూ 40, ఎనిమిది వందలు. ఇది బ్యాలెన్స్‌కి దగ్గరలో కూడా లేదు.

పుస్తకం నిష్పత్తి రాసిన తీరులోనూ అదే జారుడు ఉంది. ఎడమ పక్క పై నుంచి కిందికి చదివారు, 10 బై 20. కుడి పక్క కింది నుంచి పైకి చదివారు, 20 బై 40. రెండు పక్కలా పై నుంచి కిందికే చదివితే కుడి పక్క 40 బై 20 అవుతుంది. ఒకటి సగం, ఒకటి రెండు.

రెండో_బెంచి అమ్మా, నీ 5.5, 4 రెండూ సరైనవే. నేను వేరే దారిలో వేసి చూశాను, అవే వచ్చాయి.

గోదారి_గట్టు
సరే, పక్కపక్కవి గుణించాను, ఒప్పుకుంటున్నాను. కానీ బ్యాటరీని బి, సి ల మధ్య పెట్టి 20 ని ఎ, డి ల మధ్య పెడితే నా లబ్ధాలు పని చేస్తాయి కదా? బొమ్మలో బ్యాటరీ చోటు మారిపోయి ఉండొచ్చు.

పాత_లెక్చరర్
పని చేయవండీ. బ్యాటరీ, మధ్య రెసిస్టర్ చోట్లు మార్చుకున్నా బ్యాలెన్స్ షరతు మారదు. నాలుగు భుజాలు ఒక చట్రంలా ఉంటాయి: ఎ-బి, బి-డి, డి-సి, సి-ఎ. ఏ కర్ణం మీద బ్యాటరీ పెట్టినా ఎ-బి కి ఎదురు డి-సి యే. 10 కి 40 ఎప్పటికీ పక్కింటిదే.

కరెంట్_కృష్ణ
మా ఇంట్లో ఇన్వర్టర్‌కి రెండు బ్యాటరీలు, ఒకటి 12.7 ఒకటి 12.1 చూపిస్తోంది. బ్యాలెన్స్ చేయడానికి మధ్యలో 20 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టమంటారా?

ల్యాబ్_అన్న
కృష్ణ గారూ, ఇది ఆ బ్యాలెన్స్ కాదు. ఇన్వర్టర్ బ్యాటరీల గురించి విడిగా అడగండి, చెప్తాను. ఈలోపు మధ్యలో ఏ రెసిస్టరూ పెట్టకండి.

చింతపండు_చారు
నాకు ఒప్పుకోవాలనిపించడం లేదు. నేను పుస్తకం సమాధానాన్ని పవర్‌తో సరిచూశాను. బ్యాటరీ ఇచ్చేది 9 ఇంటూ 0.45, అంటే 4.05 వాట్లు. ఎడమ పక్క 0.3 ఆంపియర్లు 30 ఓమ్‌లలో, 2.7 వాట్లు. కుడి పక్క 0.15 ఆంపియర్లు 60 ఓమ్‌లలో, 1.35 వాట్లు. మొత్తం 4.05. పైసా తేడా లేదు. తప్పు సమాధానమైతే పవర్ ఎలా సరిపోతుంది? మా ప్రొఫెసర్ ఎప్పుడూ పవర్‌తో సరిచూడమనేవారు.

రెండో_బెంచి
నేనూ పవర్ వేశాను. నా లెక్కలో బ్యాటరీ ఇచ్చేది 9 ఇంటూ 0.475, అంటే 4.275. అయిదు రెసిస్టర్లలో విడివిడిగా 1.225, 1.5125, 0.625, 0.8, మధ్యలో 0.1125. కూడితే 4.275. నాదీ సరిపోయింది! పుస్తకానిదీ సరిపోయింది! ఒకే సర్క్యూట్‌కి రెండు సమాధానాలూ ఎలా సరిపోతాయి? ఇప్పుడు నాకు ఇంకా టెన్షన్‌గా ఉంది.

పాత_లెక్చరర్
ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదే. నెమ్మదిగా చూద్దాం.

పుస్తకం మధ్య రెసిస్టర్‌ను తీసేసి లెక్క చేసింది. తీసేసిన తర్వాత మిగిలింది కూడా ఒక నిజమైన సర్క్యూటే. ఆ సర్క్యూట్‌కి 0.3, 0.15 అనేవి తిరుగులేని సమాధానాలు. కాబట్టి అక్కడ పవర్ సరిపోక తప్పదు. ప్రతి నోడ్ దగ్గరా వచ్చే కరెంట్, వెళ్ళే కరెంట్ కూడా సరిపోతాయి. చారు గారు సరిచూసింది ఆ నాలుగు రెసిస్టర్ల సర్క్యూట్‌ను. ప్రశ్నలో ఉన్నది అయిదు రెసిస్టర్ల సర్క్యూట్. సరైన సమాధానమే, కానీ వేరే ప్రశ్నకి.

పట్టుకోవాలంటే తీసేసిన దాని దగ్గరికే తిరిగి వెళ్ళాలి. పుస్తకం చెప్పిన కరెంట్లతోనే నోడ్ వోల్టేజ్‌లు వేయండి. ఎడమ పక్క 0.3 ఇంటూ 10, 3 వోల్టులు తగ్గుతుంది, బి దగ్గర 6 వోల్టులు. కుడి పక్క 0.15 ఇంటూ 40, 6 వోల్టులు తగ్గుతుంది, సి దగ్గర 3 వోల్టులు. అంటే పుస్తకం లెక్క ప్రకారమే మధ్య 20 ఓమ్‌ల మీద 3 వోల్టులు ఉన్నాయి, అయినా దానిలో కరెంట్ సున్నా! ఓమ్ నియమం అక్కడ తెగిపోయింది. బ్యాలెన్స్ అంటే బి, సి ఒకే వోల్టేజ్‌లో ఉండాలి. 6, 3 ఒకటి కావు.

నేను ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లలు పవర్ సరిపోయిందని ఊరుకున్న పేపర్లు చాలా దిద్దాను. బ్రాంచిని తీసేసినప్పుడు ఆ బ్రాంచి చివర్లలో వోల్టేజ్ తేడా నిజంగా సున్నానా అని చూడడానికి అర నిమిషం చాలు.

చింతపండు_చారు
6, 3 చూశాక అర్థమైంది. పవర్ లెక్క నన్ను మోసం చేయలేదు, నేనే దాన్ని వేరే సర్క్యూట్ మీద వాడాను. రెండో_బెంచి, మొదటి పోస్ట్‌లోనే నీది కరెక్ట్.

నెట్‌లిస్ట్
లెక్కలన్నీ పక్కన పెట్టండి, సిమ్యులేటర్ ఉంది కదా. ngspice లో రన్ చేశాను. v(b), v(c) మధ్య తేడా కచ్చితంగా 0 వచ్చింది. బ్రిడ్జ్ బ్యాలెన్సే. నేను రాసింది ఇది:

```
V1 a 0 9
R1 a b 10
R2 b 0 20
R3 a c 40
R4 c 0 20
R5 b c 20
.op
.end
```

రెండో_బెంచి
అయ్యో. మళ్ళీ మొదటికి వచ్చానా?

ల్యాబ్_అన్న
ఆగు చెల్లీ, కంగారు వద్దు. నెట్‌లిస్ట్ బ్రో, v(a) ఎంత చూపిస్తోంది?

నెట్‌లిస్ట్
v(a) కూడా 0. అరె, అది 9 ఉండాలి కదా.

ల్యాబ్_అన్న
అదీ సంగతి. స్పైస్ ఫైల్‌లో మొదటి లైన్ ఎప్పుడూ శీర్షికే. అందులో ఏం రాసినా సర్క్యూట్‌లో కలవదు. మీ బ్యాటరీ మొదటి లైన్‌లో ఉంది, దాన్ని శీర్షిక అనుకుని వదిలేసింది. బ్యాటరీ లేని సర్క్యూట్‌లో అన్ని నోడ్‌లూ సున్నాయే, సున్నాలో సున్నా పోతే సున్నా. పైన ఒక లైన్‌లో bridge అని రాసి మళ్ళీ రన్ చేయండి. తెలియని విలువ చూసే ముందు తెలిసిన విలువ, ఇక్కడ 9 వోల్టులు, సరిగ్గా వచ్చిందో చూస్తే అక్కడే దొరికిపోయేది.

నెట్‌లిస్ట్
పెట్టాను. v(b) 5.5, v(c) 4. బ్యాటరీ కరెంట్ మైనస్ 0.475. మైనస్ ఎందుకో కూడా చదువుకున్నాను, సోర్స్‌లో ప్లస్ నుంచి లోపలికి వెళ్ళే కరెంట్‌ను పాజిటివ్ అనుకుంటుందట. రెండో_బెంచి, అనవసరంగా భయపెట్టాను, సారీ.

తూకాల_బాబాయి
నేను తూకం మెషీన్లు రిపేర్ చేస్తాను, రైస్ మిల్లులు, మార్కెట్ యార్డులు తిరుగుతుంటాను. చదువు పదో తరగతి వరకే. కానీ ఈ బ్రిడ్జ్‌తోనే రోజూ నా పని. లోడ్ సెల్ లోపల ఉండేది ఈ నాలుగు భుజాలే, బరువు పడితే ఒక్కో భుజం రవ్వంత మారుతుంది. పళ్ళెం మీద ఏమీ లేనప్పుడు సిగ్నల్ వైర్ల మధ్య దాదాపు సున్నా రావాలి. ఎవరైనా బస్తా ఎత్తి పడేస్తే సెల్ వంగిపోయి, బరువు తీసినా కొన్ని మిల్లీవోల్టులు మిగిలిపోతాయి.

కొత్త కుర్రాళ్ళు ఏం చేస్తారంటే రెండు వైర్ల మధ్య ఓమ్‌లు కొలిచి, కాగితంలో రాసిన విలువకి దగ్గరగానే ఉంది, సెల్ బాగుంది అంటారు. ఆ ఓమ్‌లు వంగిన సెల్‌కీ దాదాపు అంతే ఉంటాయి. తేడా తెలిసేది మధ్యలో. ఆ పాప లెక్కలో కూడా చూడండి, మొత్తం మీద 0.45 కి 0.475 కి పెద్ద తేడా కనిపించదు, మధ్యలో మాత్రం సున్నాకి ఒకటిన్నర వోల్టు.

పాత_లెక్చరర్
బాబాయి గారు చెప్పింది నేను రాయబోతున్న మాటే. మొత్తం రెసిస్టెన్స్ పుస్తకంలో 20 ఓమ్‌లు, అసలు విలువ 18.95. అయిదు శాతం తేడా. అందుకే ఇన్నాళ్ళు ఎవరి కంటా పడలేదేమో.

రెండో_బెంచి
ల్యాబ్‌లో కట్టి చూపిస్తే సార్ నమ్ముతారేమో అనిపిస్తోంది. 10, 20, 40 ఓమ్‌ల రెసిస్టర్లు కొనాలి. మామూలు చిన్న రెసిస్టర్లు, 9 వోల్టుల చిన్న బ్యాటరీ సరిపోతాయా?

ల్యాబ్_అన్న
వద్దు! నీ లెక్కే చూడు, 10 ఓమ్‌ల రెసిస్టర్‌లో 1.225 వాట్లు. బ్రెడ్‌బోర్డ్ మీద పెట్టే చిన్నవి పావు వాట్‌వి. పొగ వస్తుంది. పైగా ఆ చిన్న బ్యాటరీ దాదాపు అర ఆంపియర్ ఇవ్వలేదు, వోల్టేజ్ కుప్పకూలుతుంది. అప్పుడు రీడింగ్ తేడా వస్తే లెక్క తప్పా బ్యాటరీ తప్పా తేల్చలేవు.

అన్ని విలువలనూ వందతో గుణించు. 1 కె, 2 కె, 4 కె, 2 కె, మధ్యలో 2 కె. కరెంట్లు వందో వంతు అవుతాయి, నోడ్ వోల్టేజ్‌లు మాత్రం మారవు. 4 కె విడిగా దొరకదు, అందుకని మొత్తం 1 కె లే కొను. పదకొండు సరిపోతాయి, సిరీస్‌లో కలుపుకో. ఒకే పట్టీలో కత్తిరించినవి తీసుకుంటే విలువలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఓమ్‌లు కొలిచేటప్పుడు మాత్రం బ్యాటరీ తీసేయాలి, మర్చిపోకు.

గోదారి_గట్టు
మొత్తం ఓమ్‌లు కొలిస్తే 2 కె కి 1.895 కె కి తేడా తెలియదా? అదొక్కటి కొలిస్తే పోలా?

ల్యాబ్_అన్న
బంగారు రంగు గీత ఉన్న రెసిస్టర్లు అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అన్నీ కొంచెం తక్కువ వైపు ఉంటే పుస్తకం చెప్పిన 2 కె కూడా 1.9 చూపిస్తుంది. ఆ కొలతతో వాదన తేలదు. మధ్యలో మీటర్ పెడితే ఒకటిన్నర వోల్టా, సున్నానా. దాన్ని ఏ టాలరెన్సూ దాచలేదు.

రెండో_బెంచి
కట్టాను. నిన్న సాయంత్రం ల్యాబ్ అటెండర్ గారు మరో గంట తలుపు తెరిచి ఉంచారు.

బ్యాటరీ కొంచెం వాడినది, సర్క్యూట్‌కి కలిపాక 8.4 వోల్టులు. అందుకని నా లెక్కను 8.4 కి మళ్ళీ వేసుకున్నాను: బి దగ్గర 5.13, సి దగ్గర 3.73, మధ్య 1.40 రావాలి. వచ్చినవి 5.12, 3.74, 1.38. చేతులు వణికాయి.

తర్వాత మధ్య 2 కె ని పీకేసి బి, సి ల మధ్య కొలిచాను. 2.79. పుస్తకం లెక్క ప్రకారం 3 వోల్టులు అని పాత_లెక్చరర్ సార్ చెప్పారు కదా, 8.4 కి అది 2.8. అంటే పుస్తకం సమాధానం నిజంగానే మధ్య రెసిస్టర్ లేని సర్క్యూట్‌దే. చివరగా కుడి పక్క పైన 2 కె, కింద 4 కె వచ్చేలా మార్చి మధ్య రెసిస్టర్ తిరిగి పెట్టాను. మధ్యలో 0.02 వోల్టులే. బ్యాటరీ తీసి మొత్తం ఓమ్‌లు కొలిస్తే పుస్తకం బొమ్మకి 1.87 కె, మార్చిన దానికి 1.98 కె.

ఒక సందేహం. మధ్య రెసిస్టర్ పెట్టగానే 2.79 దాదాపు సగం, 1.38 అయింది. అది యాదృచ్ఛికమా?

పాత_లెక్చరర్
మధ్య రెసిస్టర్ విలువ వల్ల అలా వచ్చింది. బి, సి ల నుంచి లోపలికి చూస్తే, బ్యాటరీ స్థానంలో వైరు ఉన్నట్టు ఊహించుకో. అప్పుడు 10, 20 ప్యారలల్‌లో 6.67, 40, 20 ప్యారలల్‌లో 13.33. రెండూ కలిపి 20. బయట పెట్టింది కూడా 20. కాబట్టి 3 వోల్టులు సగంగా పంచుకున్నాయి, 1.5 మిగిలింది. 3 ని 40 తో భాగిస్తే నీ 0.075. మీకు థెవెనిన్ పాఠం ఇంకా వచ్చి ఉండదు. వచ్చినప్పుడు ఈ లెక్కే మళ్ళీ చేసుకో.

నువ్వు కుడి పక్క తిప్పి చూడడం నాకు అన్నిటికన్నా నచ్చింది. అది ఎవరూ చెప్పలేదు.

మీటర్_బ్రిడ్జ్_బాధితుడు
ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నాకు జరిగింది చెప్తాను. మీటర్ బ్రిడ్జ్‌లో తెలియని రెసిస్టర్‌ను కుడి గ్యాప్‌లో పెట్టాను, సూత్రం మాత్రం ఎడమ గ్యాప్‌కి రాసింది వాడాను. 33 సెంటీమీటర్ల దగ్గర బ్యాలెన్స్ వచ్చింది. రావాల్సిన విలువకి నాలుగో వంతు వచ్చింది, అయినా అన్ని రీడింగులూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి కాబట్టి ధైర్యంగా ఇచ్చేశాను. ఎగ్జామినర్ గ్యాప్‌లు మార్చి మళ్ళీ తీయమన్నారు. అప్పుడు బయటపడింది. ఈ పుస్తకం చేసింది కూడా అదే, ఒక పక్క తలకిందులుగా చదవడం.

ఎలక్ట్రికల్_2వ_ఏడాది
మరి పరీక్షలో ఏం రాయాలి? దిద్దేవాళ్ళ దగ్గర 0.45 ఉంటే 0.475 రాసిన వాళ్ళకి మార్కులు పోతాయి.

గోదారి_గట్టు
0.45 రాసి బయటపడు. పరీక్ష వేరు, నిజం వేరు.

చింతపండు_చారు
నేను ఒప్పుకోను. బొమ్మ వేసి, నోడ్ సమీకరణాలు రాసి, చివర ఒక లైన్ చేర్చాలి: ఎదురు భుజాల లబ్ధాలు 200, 800, కాబట్టి బ్యాలెన్స్ లేదు. ఆ లైన్ చూశాక కూడా దిద్దేవాళ్ళు సున్నా వేస్తే రీకౌంటింగ్ కాదు, రీవాల్యుయేషన్ అడగాలి.

గోదారి_గట్టు
దానికి కట్టే ఫీజు ఎవరిస్తారు చారు గారూ? మీరు ఉద్యోగంలో ఉన్నారు, వాళ్ళు పిల్లలు.

పాత_లెక్చరర్
ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నేను దిద్దేటప్పుడు దారి చూసి మార్కులు వేసేవాణ్ణి, అందరూ అలాగే దిద్దుతారని హామీ ఇవ్వలేను. పరీక్షకి ముందే సార్ చేత ఒప్పించడం ఒక్కటే మంచి దారి.

పాత_ప్రతి
నా దగ్గర మా అన్నయ్య వాడిన పాత ముద్రణ ఉంది. ఇప్పుడే తీసి చూశాను. అదే బొమ్మ, అదే సమాధానం. కాబట్టి ఇది కొత్త ముద్రణలో దొర్లింది కాదు. నా అనుమానం, అసలు రచయిత కుడి పక్క పైన 20, కింద 40 ఉద్దేశించారు. బొమ్మ గీసినవాళ్ళు రెండు అంకెలు తారుమారు చేశారు. తిప్పినా కుడి పక్క మొత్తం 60 యే కాబట్టి చివరి సమాధానం 20 ఓమ్‌లు, 0.45 మారవు. తప్పు బొమ్మది, సమాధానానిది కాదు.

రెండో_బెంచి
నేను కూడా అలాగే అనుకున్నాను, కానీ ఒక విషయం అడ్డు వస్తోంది. బొమ్మలో ఉన్నట్టే చేస్తే బి 5.5, సి 4, కరెంట్లు 0.35, 0.275, 0.125, 0.2, 0.075. అన్నీ తెగిపోయే దశాంశాలు. ఊరికే అంకెలు తారుమారైతే ఇంత శుభ్రంగా వస్తాయా? ఎవరో ఈ లెక్కను బ్యాలెన్స్ లేని బ్రిడ్జ్‌గానే కూర్చి, సమాధానం ఇంకెవరో రాశారేమో.

పాత_ప్రతి
అంకెలు 10, 20, 40, 20, 20 అయినప్పుడు శుభ్రంగా రావడం పెద్ద వింతేమీ కాదు. నేను నా మాట మీదే ఉన్నాను.

పాత_లెక్చరర్
నాకు పాప అనుమానం కొట్టిపారేయాలని లేదు. పిల్లలకి లెక్క కూర్చేటప్పుడు సమాధానాలు గుండ్రంగా వచ్చేలా విలువలు వెతుకుతాం, ఆ పని నేను వందల సార్లు చేశాను. 9 వోల్టులకి 5.5, 4 రావడం చూస్తే నాకూ అలా వెతికినట్టే ఉంది. కానీ ఇది రుజువు కాదు.

తూకాల_బాబాయి
ఎవరి తప్పైనా కానీ, పాపా, మీ సార్‌కి చూపించావా లేదా?

రెండో_బెంచి
ఈ రోజు చూపించాను బాబాయ్. క్లాసులో అందరి ముందు కాదు, మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌కి వెళ్ళాను. బ్రెడ్‌బోర్డ్ తీసుకెళ్ళాను కానీ ముందు దాన్ని బయటికి తీయలేదు. పుస్తకం తెరిచి, పుస్తకం కరెంట్లతోనే బి దగ్గర 6, సి దగ్గర 3 అని పెన్సిల్‌తో రాసి, "సార్, ఈ రెండింటి మధ్య 20 ఓమ్‌లు ఉంటే కరెంట్ సున్నా ఎలా అవుతుంది" అని మాత్రం అడిగాను.

సార్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన పెన్నుతో ఎదురు భుజాలకి గీతలు గీసి గుణించారు. 200, 800. మళ్ళీ గుణించారు. అప్పుడు బ్రెడ్‌బోర్డ్ చూపించమన్నారు. మీటర్ ఆయనే పట్టుకున్నారు. 1.37 వచ్చింది, బ్యాటరీ ఇంకొంచెం దిగింది కదా. రేపు క్లాసులో బోర్డు మీద నన్నే చేయమన్నారు. యూనిట్ టెస్ట్ గురించి అడిగితే మాత్రం హెచ్‌ఓడీతో మాట్లాడాలి అన్నారు, అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఎలక్ట్రికల్_2వ_ఏడాది
మా బ్యాచ్ తరఫున కూడా అడుగు. మాకు వేసిన మార్కులు తీసేయమని కాదు!

ల్యాబ్_అన్న
రేపు బోర్డు మీద చేసేటప్పుడు కుడి పక్క తిప్పిన సర్క్యూట్ కూడా చూపించు. రెండూ పక్కపక్కన ఉంటే వెనక బెంచీకి కూడా అర్థమవుతుంది.

రెండో_బెంచి
చూపిస్తాను అన్నా. ఇంకొకటి దొరికింది. అధ్యాయం చివర అభ్యాసాల్లో ఇదే బొమ్మ, బ్యాటరీ 12 వోల్టులు, మధ్యలో 5 ఓమ్‌లు. వెనక సమాధానం 0.6 ఆంపియర్లు అని ఉంది, అంటే మళ్ళీ మధ్యది తీసేశారు. పాత_లెక్చరర్ సార్ చెప్పిన దారిలో మధ్యలో 4 ని 25 తో భాగిస్తే 0.16 వచ్చింది. మొత్తం కరెంట్ 0.653 వచ్చింది. ఎవరైనా విడిగా వేసి చెప్తారా? నా కాగితం చూడకుండా.

చింతపండు_చారు
వేశాను. బి 6.93, సి 6.13, మొత్తం 0.653. ఈసారి నాలుగు కాదు, అయిదు రెసిస్టర్లతోనే పవర్ సరిచూశాను.

పాత_ప్రతి
నా ప్రతిలో ఆ అభ్యాసం ఉంది, సమాధానం కూడా 0.6 యే. రెండు చోట్లా బ్యాలెన్స్ అనే అనుకున్నారంటే బొమ్మే తప్పు, నా మాట ఇంకొంచెం బలపడింది.

రెండో_బెంచి
ఒకే బొమ్మను రెండు చోట్లా వాడి, సమాధానాలు రెండూ ఒకరే రాసినా ఇలాగే ఉంటుంది కదా. దాని ముందు ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే కుడి పక్క పైన ఎంత ఉందో ఒకసారి చూసి చెప్పండి.